రెండు ఫారం 16లు, ఒకటే పాన్

జూలై నెలలో రిటర్న్ వేయడానికి కూర్చున్న ఉద్యోగికి ఎదురయ్యే సందేహాల్లో ఒకటి ఏటా తప్పక వినిపిస్తుంది. "ప్రతి నెలా జీతంలోంచి పన్ను కోశారు. పాత కంపెనీ కోసింది, కొత్త కంపెనీ కోసింది. మరి ఇంకా 67,950 రూపాయలు కట్టమంటుందేమిటి?" ముందుగా అనుమానం పోర్టల్ మీదికి పోతుంది, ఆ తర్వాత పాత కంపెనీ అకౌంట్స్ వాళ్ల మీదికి. చాలాసార్లు తప్పు ఇద్దరిదీ కాదు. రెండు కంపెనీలూ తమ తమ లెక్క సరిగ్గానే చేశాయి. రెండింటినీ కలిపి చూసినవారే లేరు.

మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో ఏడాది మధ్యలో ఆఫీసు మారడం ఇప్పుడు వింతేమీ కాదు. మారినప్పుడు పీఎఫ్ బదిలీ గురించి అడుగుతారు, రిలీవింగ్ లెటర్ కోసం వెంటపడతారు, బీమా ఎప్పటినుంచి మొదలవుతుందో కనుక్కుంటారు. పన్ను మాత్రం "కంపెనీ చూసుకుంటుంది" అన్న నమ్మకంతో వదిలేస్తారు. ఒకే కంపెనీలో ఏడాదంతా ఉన్నప్పుడు ఆ నమ్మకం నిజమే. మారిన ఏడాది అది పనిచేయదు. ఎందుకు పనిచేయదో ఒక లెక్క దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

లెక్క కోసం ఒక ఉద్యోగిని ఊహించుకుందాం, పేరు రవి అనుకుందాం. 2025-26 ఆర్థిక సంవత్సరం. ఏప్రిల్ నుంచి జూలై దాకా మొదటి కంపెనీలో నెలకు లక్షన్నర జీతం. ఆగస్టు ఒకటిన రెండో కంపెనీలో చేరాడు, నెలకు లక్షా 80 వేలు. పన్ను కొత్త విధానంలోనే. మినహాయింపులేవీ అడగలేదు, వేరే ఆదాయం లేదు.

ఏప్రిల్‌లో మొదటి కంపెనీ ఏం చేస్తుంది? రవి మార్చి దాకా ఉంటాడనుకుంటుంది, అనుకోక తప్పదు. ఏడాదికి 18 లక్షలు వేసి, అందులో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తుంది. మిగిలిన 17.25 లక్షల మీద శ్లాబుల ప్రకారం పన్ను 1,45,000. నాలుగు శాతం సెస్సుతో 1,50,800. దాన్ని పన్నెండు భాగాలు చేసి నెలకు 12,567 చొప్పున కోస్తుంది. నాలుగు నెలలకు 50,267 రూపాయలు. ఇంతవరకూ పేచీ లేదు.

ఆగస్టులో రెండో కంపెనీ దగ్గర రవి కొత్త మనిషి. వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు అతని ఏడాది ఆగస్టులోనే మొదలైంది. ఎనిమిది నెలలకు 14.4 లక్షలు. మళ్లీ 75 వేల స్టాండర్డ్ డిడక్షన్. మిగిలిన 13.65 లక్షలకు మళ్లీ మొదటి నుంచి శ్లాబులు: మొదటి నాలుగు లక్షలకు సున్నా, తర్వాతి నాలుగు లక్షలకు 5 శాతం, ఆపై నాలుగు లక్షలకు 10 శాతం, మిగిలిన 1.65 లక్షలకు 15 శాతం. పన్ను 84,750, సెస్సుతో 88,140. నెలకు దాదాపు 11,018 రూపాయల కోత. జీతం 30 వేలు పెరిగినా కోత పదిహేను వందలు తగ్గింది. పే స్లిప్‌లో ఈ ఒక్క వింతను గమనించి ఉంటే రవికి ఆగస్టు చివర్లోనే సంగతి తెలిసిపోయేది. చేతికి వచ్చే జీతం పెరిగిన సంతోషంలో ఆ గడిని ఎవరూ చూడరు.

ఇప్పుడు చట్టం చూసే లెక్క. చట్టానికి కంపెనీలు రెండైనా రవి ఒకడే, పాన్ ఒకటే. ఆరు లక్షలు, 14.4 లక్షలు కలిపి 20.4 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే. పన్ను వేయాల్సిన ఆదాయం 19.65 లక్షలు. దాని మీద 1,93,000, సెస్సుతో 2,00,720. రెండు కంపెనీలూ కలిసి కోసింది 1,38,407. తేడా 62,313 రూపాయలు.

ఈ తేడా ఎక్కడినుంచి వచ్చిందో ఒక్క మాటలో చెప్పవచ్చు. మొదటి కంపెనీ ఏడాది శ్లాబుల్లో నాలుగు నెలల వాటా వాడింది. రెండోది ఎనిమిది నెలల జీతానికే పన్నెండు నెలల శ్లాబులూ, పన్నెండు నెలల డిడక్షనూ పూర్తిగా వాడేసింది. పన్నెండు నెలల ఏడాదిలో రవికి పదహారు నెలల రాయితీ ముట్టింది. ఆ అదనపు నాలుగు నెలల రాయితీనే జూలైలో పోర్టల్ వెనక్కి అడుగుతోంది. అది కొత్త పన్ను కాదు, జరిమానా కూడా కాదు. ప్రతి నెలా కోయాల్సినదాన్ని కోయకుండా చేతికిచ్చిన డబ్బు.

మొదటి కంపెనీ ఇచ్చే ఫారం 16 ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతుంది. దాని రెండో భాగంలో రవికి అక్కడ వాస్తవంగా వచ్చిన ఆరు లక్షలే ఉంటాయి. డిడక్షన్ పోగా 5.25 లక్షలు. దాని మీద వచ్చే 6,250 పన్ను కూడా రిబేటులో పోయి, కట్టాల్సిన పన్ను సున్నా అని ఉంటుంది. పక్కనే 50,267 కోసినట్టు ఉంటుంది. చూసినవారికి యాభై వేలు రీఫండ్ రావాలనిపిస్తుంది. రెండో ఫారం 16లో పన్నూ కోతా సరిగ్గా సమానం. విడివిడిగా చూస్తే ఒకదాంట్లో రీఫండు, ఇంకోదాంట్లో బాకీ లేదు. కలిపితే 62 వేల బాకీ. ఫారం 16ను ఒక్కొక్కటిగా చదవడం వల్ల వచ్చే భ్రమ ఇది.

కోతలు రెండుచోట్లా జరిగిన రవి కథ ఇది. 2025-26 నుంచి దీనికంటే విచిత్రమైన పరిస్థితి వచ్చింది. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను పడదు. జీతగాళ్లకు స్టాండర్డ్ డిడక్షన్‌తో కలిపి అది 12.75 లక్షలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలకు 90 వేలు, అక్టోబరు నుంచి మార్చి దాకా నెలకు లక్షా 40 వేలు తీసుకున్న మరో ఉద్యోగిని తీసుకుందాం. మొదటి కంపెనీ ఏడాదికి 10.8 లక్షలని అంచనా వేసి ఒక్క రూపాయి కోయదు. రెండో కంపెనీ ఆరు నెలల 8.4 లక్షలే చూసి అదీ కోయదు. రెండు కలిస్తే 13.8 లక్షలు, డిడక్షన్ పోగా 13.05 లక్షలు. రిబేటు గీత దాటిపోయింది. పన్ను 75,750, సెస్సుతో 78,780. ఏడాదంతా పే స్లిప్‌లో టీడీఎస్ గడి ఖాళీగా ఉన్న మనిషికి జూలైలో 78 వేల బాకీ. పన్ను పరిధిలోకే రానని నమ్మిన మధ్యతరగతి ఉద్యోగి మీద పడే దెబ్బ ఇది. రిబేటు పరిమితి పెంచినప్పుడు వచ్చిన మేలు గురించి చాలా రాశారు. ఉద్యోగం మారినవారికి రిబేటు రెండుచోట్లా లెక్కలోకి వచ్చి, చివరికి ఒక్కచోటా దక్కకుండా పోయే ఈ సంగతి గురించి అంతగా రాయలేదు.

దీనికి చట్టంలో దారి లేక కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టం 192వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చెప్పేది ఇదే: ఏడాది మధ్యలో మారిన ఉద్యోగి పాత కంపెనీ జీతం, అక్కడ కోసిన పన్ను వివరాలను కొత్త కంపెనీకి ఇవ్వవచ్చు, ఇస్తే కొత్త కంపెనీ వాటిని కలిపి లెక్కవేసి తీరాలి. ఆ వివరాలిచ్చే కాగితం పేరు ఫారం 12బి. అందులో పాత కంపెనీ పేరు, ట్యాన్, పనిచేసిన కాలం, జీతం, మినహాయింపులు, పీఎఫ్ కోత, పన్ను కోత రాసి సంతకం పెడితే చాలు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. 2025-26 ఆదాయానికి మాత్రం పాత చట్టమే.

రవి ఆగస్టులోనే 12బి ఇచ్చి ఉంటే ఏమయ్యేది? రెండో కంపెనీ మొత్తం పన్ను 2,00,720లోంచి పాత కోత 50,267 తీసేసి, మిగిలిన 1,50,453ను ఎనిమిది నెలలకు పంచేది. నెలకు 18,807. అంటే నెలకు 7,789 ఎక్కువ కోత, జూలైలో బాకీ సున్నా. అదే కాగితం డిసెంబరు చివర్లో ఇస్తే ఆ 62 వేలూ జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల మీదే పడి, ఒక్కో నెలలో దాదాపు 20,771 అదనంగా పోతుంది. మార్చి జీతం సగమైందని వాపోయేవారిలో ఇలా ఆలస్యంగా ఇచ్చినవారు తప్పక ఉంటారు.

మరి ఎందుకివ్వరు? తెలియక అన్నది ఒక కారణం. చేరిన రోజు ముప్పై ఫారాల మధ్య ఇదొకటి, "వర్తిస్తే నింపండి" అని ఉంటుంది. రెండో కారణం ఫారం 16 కోసం ఆగడం. పాత కంపెనీ ఫారం 16 మరుసటి ఏడాది జూన్ 15 లోపు వస్తుంది. అప్పటికి ఏడాది ముగిసిపోతుంది. 12బికి ఫారం 16 అక్కర్లేదు, ఆఖరి పే స్లిప్, ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ కాగితం చాలు. సెటిల్‌మెంట్ ఆలస్యమై, అందులో బోనసో వేరియబుల్ పేనో తర్వాత వస్తే, సవరించిన 12బి మళ్లీ ఇచ్చుకోవచ్చు.

మూడో కారణాన్ని ఎవరూ బయటికి చెప్పరు. పాత జీతం ఎంతో కొత్త కంపెనీకి తెలియడం చాలామందికి ఇష్టం ఉండదు. ఇంటర్వ్యూలో కొంత పెంచి చెప్పినవారు సరే, అలా చెప్పనివారికి కూడా అది తమ సొంత విషయమనిపిస్తుంది. ఆ సంకోచం అర్థం చేసుకోదగినదే. చట్టం కూడా "ఇవ్వవచ్చు" అనే అంది, "ఇవ్వాలి" అనలేదు. చిక్కేమిటంటే ఇవ్వకపోతే ఏమవుతుందో చెప్పే బాధ్యత ఎవరి మీదా పెట్టలేదు. కొత్త కంపెనీ పట్టుబట్టదు, పాత కంపెనీకి సంబంధం లేదు, పన్ను శాఖ జూలై దాకా నోరు విప్పదు.

బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఇదే సందర్భంలో వేరే అనుభవం. అక్కడ ఉద్యోగం వదిలిన మనిషి చేతిలో పాత కంపెనీ పీ45 అనే కాగితం పెట్టి పంపించాలి. అప్పటిదాకా ఆ ఏడాది వచ్చిన జీతం, కట్టిన పన్ను, పన్ను కోడ్ అందులో ఉంటాయి. కొత్త కంపెనీ ఆ అంకెల మీదినుంచే లెక్క కొనసాగిస్తుంది. జీతం బయటపడుతుందన్న మాట అక్కడా నిజమే, కానీ ఆ పద్ధతికి అందరూ అలవాటుపడ్డారు. మన దగ్గర వెళ్లిపోయే ఉద్యోగికి రిలీవింగ్ లెటర్ ఇస్తారు, అనుభవ పత్రం ఇస్తారు. ఆ రోజుదాకా కోసిన పన్ను వివరాలు ఒక పేజీ మీద రాసివ్వాలన్న నియమం పెట్టడం కష్టమైన పని కాదు. ఆ ఒక్క పేజీ చేతిలో ఉంటే 12బి నింపడానికి పది నిమిషాలు చాలు.

12బి ఇవ్వడం ఇష్టంలేనివారికి ఇంకో దారి ఉంది: అడ్వాన్స్ ట్యాక్స్. టీడీఎస్ పోగా కట్టాల్సింది పదివేలు, ఆపైన ఉంటే ఎవరైనా దాన్ని విడతలుగా ముందే కట్టాలి. జూన్ 15కు 15 శాతం, సెప్టెంబరు 15కు 45, డిసెంబరు 15కు 75, మార్చి 15కు మొత్తం. ఇది వ్యాపారులకు సంబంధించిన గొడవ అని జీతగాళ్లు అనుకుంటారు. రవి లాంటివారికి కూడా ఇది వర్తిస్తుంది. కట్టకపోతే రెండు రకాల వడ్డీ పడుతుంది. 67,950లో 62,313 పోగా మిగిలినది ఆ వడ్డీయే.

మొదటిది 234సి, విడతలు తప్పినందుకు. రవి విషయంలో జూన్ విడతకు 279, సెప్టెంబరుకు 840, డిసెంబరుకు 1,401, మార్చికి 623, కలిపి 3,143 రూపాయలు. రెండోది 234బి, మార్చి 31 లోపు 90 శాతం కట్టనందుకు ఏప్రిల్ నుంచి నెలకు ఒక శాతం. జూలై 20న కడితే జూలైని కూడా పూర్తి నెలగానే లెక్కేస్తారు. నాలుగు నెలలకు 2,492. మొత్తం 5,635.

ఇందులో ఒక అన్యాయం కనిపిస్తుంది. జూన్ 15న రవికి తను ఆగస్టులో ఉద్యోగం మారతానని తెలియకపోవచ్చు. అయినా జూన్ విడతకు వడ్డీ పడుతుంది. షేర్ల అమ్మకం లాభం, లాటరీ, డివిడెండ్, ఏడాదిలో కొత్తగా మొదలైన వ్యాపారం లాంటి ముందుగా ఊహించలేని ఆదాయాలకు 234సి మినహాయింపు ఇచ్చింది, తర్వాతి విడతల్లో కడితే చాలంది. ఉద్యోగం మారడం ఆ జాబితాలో లేదు. ఉండాలి. వడ్డీ చిన్నదే కావచ్చు, కానీ ఊహించలేనివాటిని వదిలేయడమే ఆ మినహాయింపు ఉద్దేశమైతే, ఉద్యోగం మారడం కూడా అలాంటిదే.

ఏదేమైనా ఎంత త్వరగా మేలుకుంటే అంత తగ్గుతుంది. రవి డిసెంబరు 10న నాలుగింట మూడు వంతులు, మార్చి 15 లోపు మిగిలినది కట్టి ఉంటే వడ్డీ 1,119తో సరి. డిసెంబరు తప్పిపోయి మార్చి 10న ఒక్కసారే కట్టినా 2,520 దగ్గర ఆగేది. కట్టడం కూడా తేలికే. ఆదాయపు పన్ను పోర్టల్లో e-Pay Tax లోకి వెళ్లి, ఏడాది మధ్యలోనైతే Advance Tax, మార్చి 31 దాటాకైతే Self Assessment Tax ఎంచుకోవాలి. అసెస్‌మెంట్ ఇయర్ దగ్గర పొరపాటు పడకూడదు: 2025-26 ఆదాయానికి అసెస్‌మెంట్ ఇయర్ 2026-27. ఈ గడి తప్పితే కట్టిన సొమ్ము వేరే ఏడాది ఖాతాలో కూర్చుంటుంది, దాన్ని సరిచేయించడానికి మళ్లీ ప్రయాస.

పాత విధానంలో ఉన్నవారికి రంధ్రం ఇంకా పెద్దది. 80సి కింద లక్షన్నర పెట్టుబడి కాగితాలు మొదటి కంపెనీకి ఇచ్చి, అవే కాగితాలు రెండో కంపెనీకి కూడా ఇస్తే రెండూ మినహాయించేస్తాయి. 30 శాతం శ్లాబులో ఉన్న మనిషికి ఈ ఒక్క పొరపాటుకే కోత 46,800 తగ్గిపోతుంది. ఎవరూ మోసం చేయాలని చేయరు, రెండుచోట్లా అడిగారు కాబట్టి ఇస్తారు. రిటర్న్‌లో మాత్రం లక్షన్నర ఒక్కసారే.

ఇక, రెండో ఫారం 16 ఒక్కటే చూపి రిటర్న్ వేసి, బాకీ లేదని సంతోషించేవారు ఉన్నారు. అది నిలవదు. రెండు కంపెనీలూ ఒకే పాన్ మీద టీడీఎస్ జమ చేస్తాయి. 26ఏఎస్‌లో రెండు ట్యాన్‌లు పక్కపక్కనే కనబడతాయి, ఏఐఎస్‌లో రెండు జీతాలూ ఉంటాయి. శాఖకు తెలియని ఆదాయం కాదు కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుంది. అప్పుడు పన్ను, వడ్డీతోపాటు ఆదాయం తక్కువ చూపినందుకు తక్కువ పడిన పన్నులో సగం జరిమానా కూడా రావచ్చు. ఇప్పటికే అలా వేసినవారు రివైజ్డ్ రిటర్న్ గడువు ఉంటే దాంతో, అది దాటితే అప్‌డేటెడ్ రిటర్న్‌తో సరిచేసుకోవచ్చు. రెండోదానికి పన్ను, వడ్డీ మీద 25 శాతం నుంచి మొదలయ్యే అదనపు భారం ఉంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఆ శాతం పెరుగుతుంది.

26ఏఎస్ చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత కంపెనీ కోసిన పన్నును ప్రభుత్వానికి జమ చేయని సందర్భాలు, ముఖ్యంగా మూతపడే దశలో ఉన్న చిన్న కంపెనీల్లో, జరుగుతుంటాయి. జీతంలోంచి కోసిన పన్నును ఉద్యోగి నుంచి మళ్లీ వసూలు చేయకూడదని 205వ సెక్షన్ చెబుతుంది. ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015లో, 2016లో అధికారులకు ఈ సంగతి గుర్తుచేసింది. అయినా కంప్యూటర్‌కు తెలిసింది 26ఏఎస్ ఒక్కటే. అందులో లేని కోతకు క్రెడిట్ ఇవ్వదు, డిమాండ్ పంపిస్తుంది. అప్పుడు ఉద్యోగి తరఫున మాట్లాడేవి కోత కనిపించే పే స్లిప్పులు, తక్కువ జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రమే. కంపెనీ వదిలాక ఆఫీసు మెయిల్ మూతపడుతుంది, పేరోల్ పోర్టల్ లాగిన్ పోతుంది. కాబట్టి పే స్లిప్పులన్నీ ఆఖరి రోజుకు ముందే దించుకోవాలి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారినవారు ఈ రోజే కొత్త కంపెనీ పేరోల్ పోర్టల్ తెరిచి పన్ను లెక్క కాగితం చూడండి. అందులో "Previous Employer Income" అనే వరుస ఉంటుంది. ఆ గడిలో సున్నా ఉంటే మీ పాత జీతం ఎవరి లెక్కలోనూ లేదని అర్థం. మార్చి జీతం పడేలోపు దాన్ని నింపించండి, లేదా మార్చి 15 లోపు తేడా సొమ్ము మీరే కట్టేయండి.